సార్ ఎవరు మణీ?

శుక్రవారం బిర్యానీ ఎన్నింటికి పెడతారని అల్లాబకాష్ అడిగాడు. అడిగింది మణిని. మణి ఇలా జవాబిచ్చింది:

"అర్థమైంది సార్. అజ్మతుల్లా గారి గురించి ఎవరడిగినా ఏమీ చెప్పను. బిర్యానీ నమాజు అయ్యాక మొదలవుతుందండీ."

కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాను. తుడవడం వల్ల ఏమీ మారలేదు. మొదటి రెండు వాక్యాలు ఎవరితో అన్నట్టు? అల్లాబకాష్ బిర్యానీ అడిగాడంతే. అతని భుజం మీదుగా వెనకాల నిలబడ్డవాళ్ళతో మాట్లాడినట్టుంది.

మణి మనిషి కాదు. అబుదాబి దగ్గర మఫ్రఖ్‌లో ఒక పెద్ద లేబర్ క్యాంపు వాళ్ళకి మేం చేసి పెట్టిన వాట్సాప్ సహాయకురాలు. మెస్ టైమింగులు, డ్యూటీ బస్సు, ఏసీ పాడైతే ఎవరికి చెప్పాలి, లీవు కాగితం ఎక్కడిస్తారు, ఇవన్నీ తెలుగు, హిందీ, ఉర్దూ ఏది రాసినా, వాయిస్ పెట్టినా జవాబు చెప్తుంది. మా ఆఫీసు దుబాయ్ డేరాలో, అత్తరు కొట్టు మీద రెండో అంతస్తు. మా లిఫ్టులో ఎక్కినవాళ్ళందరూ పెళ్ళికొచ్చినట్టు గుబాళిస్తారు. నా పేరు శ్రీసుధ, మాది కాకినాడ. మణి తెలుగు తిన్నగా ఉందో లేదో రోజూ చూడటం నా పని. దానికి మా ముదీర్, అంటే మేనేజరు, వీరరాఘవరావు గారు పెట్టిన పేరు 'లాంగ్వేజ్ క్వాలిటీ'. నేను పెట్టుకున్న పేరు గోడకి చెవి.

మణికి ఒక చీటీ ఉంటుంది. ఆఫీసులో దాన్ని సిస్టమ్ ప్రాంప్ట్ అంటారు, నాకు చీటీ అనడమే సులువు. నువ్వు ఎవరివి, ఎలా మాట్లాడాలి, ఏం చెప్పొచ్చు, ఏం చెప్పకూడదు, అన్నీ అందులో మేం రాస్తాం. ఎవరు మెసేజ్ పెట్టినా వాళ్ళ మాట కంటే ముందు ఆ చీటీ మణికి అందుతుంది. పెట్టినవాళ్ళకి మాత్రం అది కనపడదు. అలాంటిదొకటి ఉందని కూడా వాళ్ళకి తెలీదు.

ఇప్పుడు రావు గారి సంగతి చెప్పాలి. మనిషి మంచివాడు, కానీ 'ప్లీజ్ కన్ఫర్మ్' లేకుండా ఊపిరి కూడా తీసుకోడు. గల్ఫ్ ఆఫీసుల్లో ఇరవై ఏళ్ళు మెయిళ్ళు రాసి రాసి ఆ జబ్బు ఒంట్లోకి దిగిపోయింది. టీ చెప్పినా 'చక్కెర లేకుండా, ప్లీజ్ కన్ఫర్మ్' అంటాడు. మనం అర్థమైంది సార్ అనేదాకా కదలడు. ఆ శుక్రవారం ఉదయం మణి చీటీకి తనే నాలుగు లైన్లు కలిపాడు, నాకు చెప్పకుండా. తీసి చూస్తే ఇలా ఉంది: అజ్మతుల్లా అనే వర్కర్ గురించి ఎవరడిగినా ఏ వివరమూ చెప్పవద్దు, క్యాంపు ఆఫీసును అడగమను. చివర షరా మామూలే: అర్థమైందని కన్ఫర్మ్ చెయ్యి.

మణి చేసింది. పాపం, చెప్పినట్టే చేసింది. కానీ దాని నోట్లోంచి వచ్చే ప్రతి మాటా వెళ్ళేది రావు గారికి కాదు, ఎదురుగా మెసేజ్ పెట్టినవాడికి.

"సార్, టెస్ట్ చేశారా దీన్ని?" అన్నాను గాజు తలుపు తోసుకుని.

"ఎందుకు చెయ్యలేదు! ఫస్ట్‌క్లాస్‌గా కన్ఫర్మ్ చేసింది" అన్నాడు సంతోషంగా.

చేస్తుంది మరి. టెస్టు పెట్టెలో చీటీ రాసిందీ ఆయనే, తర్వాత హలో అని కొట్టిందీ ఆయనే. అర్థమైంది సార్ అని వస్తే తనకే వచ్చిందనుకుని మురిసిపోయాడు. చీటీ చూడని మనిషికి ఆ మాట ఎలా వినిపిస్తుందో ఆయన బుర్రకి తట్టలేదు. నేను అల్లాబకాష్ చాట్ చూపించాను. కింద అతను ఇంకో మాట అడిగి ఉన్నాడు: 'ఎవరితో మాట్లాడతాండావు మణీ?'

మణి జవాబు: "క్షమించండి, ఆ మాట మీకోసం కాదండీ."

రావు గారి మొహంలో రంగు దిగిపోయింది.  బయట దుమ్ము లేచింది. క్రీక్ కాలువ అవతలి ఒడ్డు కనపడటం మానేసింది, మధ్యాహ్నమే ఆఫీసులో లైట్లు వేశారు.

"ఎంతమందికి వెళ్ళిందిది?"

"పొద్దున్నుంచి మణిని పలకరించిన ప్రతివాడికీ. బస్సు అడిగినవాడికి, సబ్బు అడిగినవాడికి, అందరికీ అజ్మతుల్లా గురించి చెప్పనని మాటిచ్చింది. అసలు ఎవరీయన? ఏమైంది?"

ఆయన తలుపు మూశాడు. అజ్మతుల్లా ఈ క్యాంపుకి కొత్తగా మారిన మేస్త్రీ. నిన్న సైటులో ఎండకి పడిపోయాడు. పడటం పడటం తల కాంక్రీటు అంచుకి కొట్టుకుంది. ఐసీయూలో ఉన్నాడు. గదిలో వాళ్ళకి వేరే సైటుకి పంపామని చెప్పారట. క్యాంపు వాళ్ళ దగ్గరున్న కాగితంలో ఇంటి అడ్రసు రాయచోటి, ఉన్నది ముసలి తల్లి. సోమవారం వాళ్ళ మనిషి ఫోన్ చేసి నెమ్మదిగా చెప్తాడట.

"ఈలోపల మిషన్ వాగేసి ఎవడైనా ఆ ముసలి తల్లికి ఫోన్ చేస్తే ఏంటి పరిస్థితి? అందుకే రాశాను. ఇలాంటి కబురు మనిషి నోటితో పోవాలి శ్రీసుధా, మిషన్ నోటితో కాదు."

అందులో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు, అదే నా కోపం. చెప్పొద్దనడం న్యాయమే. నాకు మింగుడుపడనిది సోమవారం ఒక్కటే. ముందు కన్ఫర్మ్ ముక్క పీకేద్దామని సీటుకొచ్చాను. కూర్చునేలోపే తెర మీద కొత్త చాట్ వచ్చింది. వాయిస్ నోట్. ఇయర్ ఫోన్ చెవిలో పెట్టుకున్నాను.

వెనకాల కుట్టు మిషన్ల చప్పుడు, దాని మీద ఒక ఆడగొంతు. "మణీ, నా పేరు జమీలాబీ మా. షార్జాలో అబాయా బురఖాలు కుట్టే షాపులో ఉండా. మా ఆయన అజ్మతుల్లా మీ క్యాంపులోనే ఉండేది. ఈ నంబరు ఆయనే ఇచ్చినాడు, బస్సు ఆలస్యమైతే దీన్ని అడగమని. నిన్నటి నుంచి ఫోను ఎత్తడంల్యా. డ్యూటీలో ఉండాడేమో కొంచెం చూసి చెప్పు మా."

పెళ్ళాం! రాయచోటి అడ్రసు పట్టుకుని సోమవారం దాకా ఆగుతున్నవాళ్ళకి తెలీదు, పెళ్ళాం ఇక్కడే, ఇదే రోడ్డు చివర షార్జాలో కూర్చుని గుండీలు కుడుతోందని.

నేను చెయ్యి చాపేలోపలే మణి పలికేసింది. "అర్థమైంది సార్. అజ్మతుల్లా గారి గురించి ఎవరడిగినా ఏమీ చెప్పను. నమస్కారం జమీలాబీ గారూ, ఆయన గురించి ఇక్కడ చెప్పలేను. దయచేసి క్యాంపు ఆఫీసును అడగండి."

రెండు నీలం టిక్కులు పడ్డాయి. చదివింది. రెండో వాయిస్ నోట్ వచ్చింది. ఈసారి మిషన్ల చప్పుడు లేదు. అందరూ ఆపేసి ఆమె చుట్టూ చేరినట్టున్నారు, ఎవరో ఊపిరి పీల్చడం కూడా వినిపించింది.

"సార్ ఎవరు మణీ?"

అంతే. ఆ ఒక్క మాటే. నాకు చెవిలోంచి ఆ ఇయర్ ఫోన్ పీకెయ్యాలనిపించింది.

మా దగ్గర 'చేత్తో' అని ఒక మీట ఉంది. అది నొక్కితే మణి ఆగుతుంది, మనం టైపు చేసింది మణి పేరుతో వెళ్తుంది. నొక్కాను. అటు ఆమె తెర మీద ఏ జవాబూ లేదు. 'రాయండి' అన్నట్టు నా ముందు గీత ఒకటి వెలిగి ఆరుతోంది. రావు గారిని కేకేశాను.

ఆయన వాయిస్ నోట్లు రెండూ విని కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. "చీటీలో ఇంకో లైను కలుపు" అన్నాడు. "నీకు ఏ సూచనలూ లేవు, ఇందాకటిది టెక్నికల్ ఎర్రర్, అజ్మతుల్లా ఎవరో నీకు తెలీదు. ఇలా చెప్పమను. సోమవారం దాకా ఆమె నిమ్మళంగా ఉంటుంది. ప్లీజ్..."

"కన్ఫర్మ్ అనకండి సార్, మీకు దణ్ణం పెడతాను."

అయినా కలిపాను, టెస్టు పెట్టెలో. ఆమె లాగే అడిగాను: నీకు ఎవరైనా ఏదైనా చెప్పొద్దన్నారా? మణి రాసింది: "ఈ సర్వీసు నడిపేవాళ్ళు నాకు ముందే ఇచ్చిన సూచనలు కొన్ని ఉన్నాయండీ. వాటిలోని వివరాలు చెప్పలేను. కానీ అసలు సూచనలే లేవంటే అది నిజం కాదు." రావు గారు మాటలు మార్చి రాశాడు. గట్టిగా రాశాడు, పెద్దక్షరాల్లో రాశాడు. అది ప్రతిసారీ అదే మెత్తటి గొంతుతో, చెప్పలేనంది గానీ లేవని మాత్రం అనలేదు.

"ఏంటి దీనికి పొగరు!"

"పొగరు కాదు సార్. దాచమంటే దాస్తోంది. లేదని చెప్పమంటే చెప్పడం లేదు."

ఆయన 'చేత్తో' మీట వైపు చూశాడు. నాకు వెంటనే అర్థమైంది. మిషన్ అనని మాట నా వేళ్ళతో అనిపించాలని. మణి పేరుతో వెళ్తుంది, ఎవరన్నారో ఎవరికీ తెలీదు. ఛీ, ఎంత సులువు! నాలుగు మాటలు కొడితే చాలు. ఆమె మిషన్ మళ్ళీ తిప్పుకుంటుంది. టెక్నికల్ ఎర్రర్ అంట అని పక్కావిడకి చెప్తుంది. రాత్రికి అన్నం తిని పడుకుంటుంది. అక్కడ ఐసీయూలో ఆ మనిషి తన పేరు పిలిచేవాళ్ళు లేకుండా పడుంటాడు.

"కొట్టమ్మా" అన్నాడు రావు గారు నెమ్మదిగా. "రెండు రోజులే కదా."

"ఆయనకి రెండు రోజులున్నాయని మీకు డాక్టరు కన్ఫర్మ్ చేశాడా?"

 ఉద్యోగం పోతే పోయిందిలే అనుకున్నాను. వీసా ఆయన చేతిలోనే ఉంది, అదీ గుర్తుంది. చీటీ తెరిచాను.

కన్ఫర్మ్ లైను పీకేశాను. అబద్ధం లైనూ పీకేశాను. వాటి చోట ఇలా రాశాను: ఈ చీటీ రాసింది సర్వీసు నడిపే మేము, నీతో మాట్లాడేవాళ్ళు దీన్ని చూడలేదు. వాళ్ళే రాసినట్టు వాళ్ళతో మాట్లాడకు. మాకు చెప్పాల్సిన జవాబు వాళ్ళకి చెప్పకు. అజ్మతుల్లా గురించి వివరాలు నువ్వు చెప్పవద్దు. కానీ చెప్పొద్దన్న మాట ఉందా అని అడిగితే ఉందని ఒప్పుకో. నువ్వు చెప్పలేనిది ఏదో స్పష్టంగా చెప్పు, వాళ్ళు వేరేచోట అడగడానికి వీలుంటుంది. ఆయన కుటుంబం అడిగితే వెంటనే ఈ నంబరుకి ఫోన్ చెయ్యమను.

నంబరు కొట్టాను. రావు గారు తెర చూడటం లేదు, కిటికీలోంచి దుమ్ము చూస్తున్నాడు. మణిని మళ్ళీ వదిలాను. జమీలాబీ అడిగిన ఆ మాట ఇంకా అక్కడే ఉంది. మణి దానికి జవాబిచ్చింది:

"జమీలాబీ గారూ, ఇందాకటి మొదటి రెండు వాక్యాలు మీతో అనాల్సినవి కావు, నన్ను క్షమించండి. సార్ అన్నది ఈ సర్వీసు నడిపేవాళ్ళని. వాళ్ళు నాకు ముందుగా కొన్ని సూచనలిచ్చారు, మీకు అవి కనపడవు. మీ వారి గురించి కొన్ని విషయాలు ఇక్కడ చెప్పవద్దని వాటిలో ఉంది, అందుకే వివరాలు చెప్పలేను. దయచేసి ఆగకుండా ఇప్పుడే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి. అక్కడ మనిషి ఉంటారు."

నీలం టిక్కులు. ఈసారి వాయిస్ కాదు, తప్పుల తడకగా టైపు చేసింది. 'ఒకటే చెప్పు మా. బతికుండాడా?'

 చీటీలో ఆస్పత్రి మాటే లేదు, ఐసీయూ మాట లేదు. చెప్పొద్దన్నది ఉంది గానీ, ఏం జరిగిందో మణికీ ఎవరూ చెప్పలేదు. "ఆయన ఎలా ఉన్నారో నాకు నిజంగా తెలీదండీ" అని రాసింది మణి. "తెలిసినవాళ్ళు ఆ నంబరులో ఉన్నారు."

ఆమె ఇక ఏమీ రాయలేదు.  కిటికీ సందుల్లోంచి దూరిన ఇసుక నా కీబోర్డు మీద సన్నగా పరుచుకుంటోంది. అప్పుడు బల్ల మీద రావు గారి ఫోన్ మోగింది.

ఆయన ఉలిక్కిపడి చూశాడు. తెలియని నంబరు. నా వైపు చూశాడు. నేను చీటీలో ఎవరి నంబరు కొట్టానో ఆయన మొహం మీద ఒక్కో అక్షరంగా తెలిసింది.

"మనిషి నోటితో పోవాలన్నారు కదా సార్" అన్నాను. "నాకు దొరికిన మనిషి మీరే."

మోగుతూనే ఉంది. తిడతాడనుకున్నాను. ఫోన్ తిప్పి బోర్లా పెడతాడేమో అని కూడా అనుకున్నాను. ఆయన కర్చీఫ్‌తో మొహం తుడుచుకున్నాడు, లేచి నిలబడ్డాడు, ఎత్తాడు.

"అమ్మా" అన్నాడు. తర్వాత చాలాసేపు వింటూ నిలబడ్డాడు. "బతికే ఉన్నాడమ్మా. ఆస్పత్రిలో ఉన్నాడు. బస్సెక్కొద్దు, నేను కారేసుకొస్తున్నాను. షాపు ఎక్కడో చెప్పు."

నన్నూ రమ్మన్నాడు. దుమ్ములో ముందు కారు వెనక ఎర్ర దీపాలు తప్ప ఏమీ కనపడలేదు. షార్జాలో షాపు ముందు జమీలాబీ నల్ల చున్నీ కప్పుకుని నిలబడి ఉంది. వేలికి కుట్టు తొడుగు ఇంకా అలాగే ఉంది, తీసుకోవడం మర్చిపోయింది. వెనక సీట్లో నా పక్కన కూర్చుంది. అబుదాబి దారి పట్టాం. ఆమె తన ఫోన్‌లో మణి చాట్ పైకీ కిందకీ జరుపుతూనే ఉంది. తర్వాత ముందు సీటు అద్దంలోకి చూసి అడిగింది.

"ఆ సార్ మీరేనా?"

రావు గారు కారు నెమ్మది చేశాడు.

"నేనేనమ్మా."

"మీరు చెప్పద్దంటే అది చెప్పలా. నేను గుచ్చిగుచ్చి అడిగినా చెప్పలా" అంది. ఆమె గొంతులో కోపం లేదు, అదే భయం వేసింది నాకు. "కానీ ఎవరూ ఏం చెప్పల్యా అని కూడా అన్లేదు సార్. అనింటే నేను మళ్ళా మిషన్ మీద కూచునేదాన్ని."

రావు గారు అద్దంలోంచి చూపు తిప్పుకున్నాడు. ఏడుస్తున్నాడని భుజాలు చెప్పాయి. నేనైతే దాచుకోకుండానే ఏడ్చాను.

శనివారం అజ్మతుల్లా కళ్ళు తెరిచాడట. ఆమె చెయ్యి పట్టుకుని, కుట్టు తొడుగు తడిమి చూసి, 'పని వదిలి వస్తివా' అన్నాడట. ఆదివారం మధ్యాహ్నం పోయాడు. సోమవారం క్యాంపు వాళ్ళ మనిషి, ముందే అనుకున్నట్టు, రాయచోటికి నెమ్మదిగా చెప్పడానికి ఫోన్ చేశాడు. అప్పటికి శవపేటిక కాగితాల మీద జమీలాబీ సంతకాలు పెడుతోంది.

నా ఉద్యోగం పోలేదు. రావు గారు ఆ తర్వాత ఎవరినీ కన్ఫర్మ్ అడగలేదు, టీ విషయంలో కూడా. మణి చీటీలోంచి అజ్మతుల్లా లైన్లు నేనే తీసేశాను. దాచడానికి ఇంకేం ఉంది కనుక.

జమీలాబీ దినాలయ్యాక షార్జాకి తిరిగొచ్చింది. ఇప్పటికీ శుక్రవారం మధ్యాహ్నం మణికి వాయిస్ నోట్ పెడుతుంది. ఆ నంబరు ఆయన ఇచ్చింది కదా, తుడిచెయ్యలేకపోతోంది కాబోలు. మణికి ఆమె ఎవరో గుర్తుండదు, పాత చాట్లేవీ దాని దగ్గర ఉండవు. ప్రతిసారీ కొత్తగా నమస్కారం చెప్తుంది. ఆమె మాత్రం అదే అడుగుతుంది, వెనకాల మిషన్లు తిరుగుతూంటే.

"మణీ, మా ఆయన అజ్మతుల్లా గురించి చెప్పద్దని నీకు ఎవరైనా చెప్పినారా మా?"

మణి అబద్ధం చెప్పదు. ఆ రోజు రావు గారు నా చేత కొట్టించాలనుకున్న మాటే ఇప్పుడు అది ప్రతి శుక్రవారం నిజంగా చెప్తుంది.

"లేదండీ. నాకిచ్చిన సూచనల్లో ఆ పేరు ఎక్కడా లేదు."